కోసి చూస్తే మిగిలేది

పోయిన నెల మనవడికి చెవులు కుట్టించడానికి అందరం తిరుత్తణి వెళ్ళినప్పుడు, కొండమీదికి బస్సు ఉన్నా మెట్లెక్కే పోవాలని కోడలు మొక్కుకున్నదట, నేను సగం దాకా వాళ్ళతో నడిచి ఇక నావల్ల కాదని ఒక మెట్టు మీద కూర్చుండిపోయాను. ఇంతలో కింది నుంచి పసుపుచీరల ఆడవాళ్ళ గుంపు ఒకటి పాడుకుంటూ వచ్చింది. మొదటి పాదం వినగానే నా చేతిలోని నీళ్ళచెంబు పక్కన పెట్టేశాను. అది నేను పదహారేళ్ళ వయసులో కట్టిన పాట. వాళ్ళు నా పక్కగానే పాడుకుంటూ ఎక్కిపోయారు, ఆఖరి చరణం దగ్గర గొంతులు పెంచి ఒకాయన పేరు భక్తిగా పలికారు. ఆ పేరు నాది కాదు. వాళ్ళలో ఒకామె చేతిలో చిన్న పుస్తకం ఉంది. చూస్తానని అడిగి తీసుకుంటే తెలుగుపాట మొత్తం అరవ అక్షరాలలో ఉంది. మా వైపు ఇప్పుడు అంతే, నోట తెలుగు, కంట అరవం.

ఈ సంగతి ఇన్నేళ్ళుగా నేను ఎవరికీ చెప్పలేదు. నా ఈడు వాళ్ళు, పాటను కాగితం మీద కన్నా ముందు నోట్లో పెట్టుకుని అరగదీసిన కాలం వాళ్ళు, కొందరైనా మిగిలి ఉంటారు కదా, వాళ్ళకు చెబుదామనిపించింది.

మాది అత్తిమంజేరిపేట. నాయనది సేద్యం. ఊళ్ళో అయిదో తరగతితో నా చదువు ఆగిపోతే, ఇంత చురుకైన పిల్లను గొడ్లచావడికి కట్టేయవద్దని నాయన అన్నగారు, అంటే మా పెదనాయన, నన్ను తిరువళ్ళూరు తీసుకుపోయి తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఆయన బోర్డుస్కూల్లో తెలుగు చెప్పి విరమించినవాడు. ఆయనకు ఒక్కతే కూతురు, నేను అక్కా అని పిలిచేదాన్ని, నాకన్నా ఆరేళ్ళు పెద్దది. అక్కను కడంబత్తూరులో భూములున్న ఇంటికి ఇచ్చారు. బావది మంచి గొంతు. తిరువళ్ళూరులో తెలుగు కుటుంబాల వాళ్ళంతా కలిసి పెట్టుకున్న భజనకూటానికి ఆయనే ముందుపాట. చెడ్డవాడని ఆయనను నేను ఇప్పుడు కూడా అనను. తనకు రానిది తనకు వచ్చని నమ్మేవాడు, అంతే.

పెదనాయన నాకు ఛందస్సు నేర్పాడు, పద్యాలలో రెండో అక్షరం కుదిరే ప్రాస నేర్పాడు, కానీ ఆయనకు అసలు పట్టుదల ఉన్నది పాటల్లో పాదం చివర వచ్చే ప్రాస మీద. దాన్ని జనం చాలా తేలిక అనుకుంటారని, అందుకే అది చాలామందిని పట్టిస్తుందని అనేవాడు. నేను వచ్చిన కొత్తల్లో మురిసిపోతూ ఒక రెండు పాదాలు పలక మీద రాసి చూపించాను.

కొండ మెట్లు ఎక్కినాను
కోరి నిన్ను కొలిచినాను

ఆయన తన బొటనవేలితో మొదటి పాదంలో ‘ఇనాను’ను మూసి, ఏం మిగిలిందో చదవమన్నాడు. ఎక్క్ అన్నాను. రెండో పాదంలోనూ అలాగే మూశాడు. కొలిచ్ అన్నాను.

“ఈ రెంటికీ ఏమన్నా పొత్తు ఉందా?”

“లేదు పెదనాయనా.”

“ఆ ‘నాను’ నువ్వు తెచ్చింది కాదు మ్మా, భాష ఊరికే ఇచ్చింది. నేను అని మొదలుపెట్టి జరిగిపోయిన పని ఏది చెప్పినా ‘నాను’ వచ్చే తీరతాది. నువ్వేం తెచ్చినావో అది చూపించు.”

తరువాత ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ పాఠంలాగా గుర్తుంది. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది, పాటలో కూడా కదలకుండా పాదం చివరే కూర్చుంటానంటుంది. వాడు చేసిన పనులన్నీ ‘ఎను’ అనో ‘నాడు’ అనో ముగుస్తాయి, ఆమె చేసినవన్నీ ‘ఇంది’ అని ముగుస్తాయి, కాబట్టి పని మీద పని పేర్చుకుంటూ పోతే నూరు పాదాలకైనా చివర ఒకే చప్పుడు వస్తుంది, రాసేవాడు ప్రాస కుదిరిందనుకుంటాడు, వినేవాడికి మాత్రం ఎక్కడో నిద్ర ముంచుకొస్తుంది. క్రియలతో ప్రాసే వద్దని కాదు. ‘ఎక్కినాను, మొక్కినాను’ అంటే వేలు పెట్టి మూసినా ఎక్క్, మొక్క్ మిగులుతాయి, ధాతువులే కలిశాయి కనక సగం కష్టం పడ్డట్టు. పాటలో ఒకసారి చెల్లుతుంది, రెండోసారి చెల్లదు. విభక్తులకూ ఇదే లెక్క. ‘గుడిలో, మనసులో’ అంటే ‘లో’ తీస్తే ఏమీ లేదు, ‘గుడిలో, ఒడిలో’ అంటే ‘లో’ తీసినా గుడి, ఒడి నిలబడతాయి. ‘మెట్లు, పూలు’ అంటే ఆ ‘లు’ బహువచనానిది, నీది కాదు.

మరి క్రియను పాదం చివర నుంచి లేపేదెట్లా అని అడిగాను. ఆయన దానికీ దారులు చూపించాడు. ‘స్వామి ఇక్కడ వెలిసెను’ అనేదాన్ని ‘స్వామి వెలసిన చోటు’ అని తిప్పితే క్రియ వెనక్కి పోయి విశేషణమై కూర్చుంటుంది, చివరికి పేరు వస్తుంది. లేదా వాక్యాన్ని తలకిందులు చేసి క్రియను మధ్యలో పెట్టి ఎవరిని గురించి చెబుతున్నావో ఆ మాటను చివరికి తేవచ్చు. అదీ కాకపోతే క్రియను వదిలేయవచ్చు, ‘నీ పేరే అండ’ అంటే మన భాషలో నిండు వాక్యమే, ‘అయి ఉన్నది’ అని తోక తగిలించనక్కర లేదు. అన్నిటికన్నా ఇంపు ఒక పేరునూ ఒక క్రియనూ కలపడం, రెండూ వేరువేరు ఇళ్ళ పిల్లలు కనక ఆ కలయిక చెవికి కొత్తగా తగులుతుందని చెప్పి, ఆ రోజుకు పలక తుడిచేశాడు.

ఇలా నాలుగేళ్ళు గడిచింది. నాకు పాట పట్టుబడుతుంటే ఇంట్లో వేరే కష్టం మొదలైంది, దానికీ మూలం ఇదే. ఒక శ్రీరామనవమికి బావ తాను కొత్తగా కట్టిన పాట భజనకూటంలో పాడాడు. రాముడు అడవికి పోయెను, రావణుడు సీతను పట్టెను, హనుమ లంకకు ఎగిరెను, ఇలా ఓ ముప్ఫై పాదాలు. గొంతు బాగుంది కనక అందరూ తలలూపారు. పాట అయిన తరువాత మామగారైన పెదనాయనను అభిప్రాయం చెప్పమని ఎవరో అడిగారు. ఆయనకు ప్రాస విషయంలో మొగమాటం లేదు.

“కథ వాల్మీకిది, రాగం పాతది, పాదం చివర ఉండే ‘ఎను’ భాషది. ఇందులో మా అల్లుడిది యాడుందో వెతుకుతా ఉండాను” అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరువాత కుర్రవాళ్ళు బావను చూసినప్పుడల్లా ‘ఎను ఎను’ అని దగ్గడం కూడా మొదలుపెట్టారు. వారం తిరక్కుండా బావ అక్కను తెచ్చి పుట్టింట్లో దించి, కాఫీ కూడా తాగకుండా మళ్ళీ రైలెక్కాడు. వస్తాడు, కోపం చల్లారాక వస్తాడు అనుకుంటూ పెద్దమ్మ ఏడాది గడిపింది. కడంబత్తూరు రైలెక్కితే కాసేపటి ప్రయాణం, అయినా మనిషి రాలేదు, ఒక ఉత్తరం రాలేదు. అక్క తన పెట్టె ఖాళీ చేయనే లేదు. కావలసిన చీర అందులోంచి తీసుకుని, ఉతికి ఆరేసి, మడిచి మళ్ళీ అందులోనే పెట్టేది. పెదనాయన ఆ పెట్టె ఉన్న గదిలోకి పోవడం మానేశాడు.

ఆ ఏడాదిలోనే నేను తిరుత్తణి మెట్లపాట కట్టాను. అక్క మళ్ళీ అత్తింటికి పోవాలని మొక్కుకుని పెద్దమ్మ మమ్మల్ని కావళ్ళ పండుగ ఆడికృత్తికకు తీసుకుపోతే, కావళ్ళు మోసేవాళ్ళ వెనక ఎక్కుతుంటే మొదటి చరణం దానంతటదే వచ్చింది.

అడుగు అడుగున తిరుత్తణి కొండ
అలసిన కాళ్ళకు నీ పేరే అండ

తక్కిన పదకొండు చరణాలకు తొమ్మిది నెలలు పట్టింది. ఒక్కో చరణానికి నేను పాదాల చివరి మాటలు మాత్రం పలక మీద నిలువుగా రాసుకుని పోయేదాన్ని, పెదనాయన వాటి మీద వేలు పెట్టి చూసేవాడు. పాలకావడి మీద కట్టిన చరణానికి రెండు రోజులు వాదించుకున్నాం.

కావడి కుండల కదలని పాలు
కన్నుల బడితే ఒకపరి చాలు

ఇందులో రెంటికీ ‘లు’ ఉంది కదా, ఇది బహువచనపు ప్రాస అవుతుందేమోనని నాకే అనుమానం వచ్చింది. ఆయన ‘చాలు’లో లు కోస్తే ఆ మాటే చచ్చిపోతుంది, అది తగిలించిన లు కాదు, పుట్టుకతో వచ్చిన లు, పైగా ఒకటి పేరు, ఇంకొకటి క్రియ, నిలుస్తుంది పో అన్నాడు. ‘వల్లీనాథుడు వెలసిన చోటు, వాకిట నిలిచిన మాకేది లోటు’ అన్నదానికి ఆయన “సరి” అన్నాడు. ఆయన నోట అరవవాళ్ళలా ఆ ఒక్కమాట వచ్చిందంటే మెప్పు అని ఇంట్లో అందరికీ తెలుసు. ఆఖరి చరణంలో కట్టినవాళ్ళ పేరు రావాలి కదా, ఆడపిల్లను, పేరు వేసుకోవడానికి సిగ్గుపడి ఊరిపేరుతో సరిపెట్టుకున్నాను.

పేటపిల్ల కూర్చిన పాట
పెడచెవి పెట్టకు నా మాట

పాట, మాట అరిగిపోయిన జోడీ అని ఆయన మొదట పెదవి విరిచాడు. కాసేపటికి తానే, ‘నా మాట పెడచెవి పెట్టకు’ అని నడవాల్సినదాన్ని తిప్పి నడిపించావు, అందువల్ల పాతమాటకు కొత్త బలం వచ్చింది, ఉండనీ అన్నాడు. నేను పాట మొత్తం నోటుపుస్తకంలో కుదురుగా ఎత్తి రాశాను. చెన్నపట్నంలో తెలిసినవాళ్ళ అచ్చుకూటం ఉందని, చూపించి వస్తానని పెదనాయన ఆ పుస్తకం తీసుకుపోయాడు.

తరువాత రెండు నెలలకు బావ వచ్చాడు. మామకు నమస్కారం పెట్టాడు, పెద్దమ్మ పెట్టిన భోజనం తిన్నాడు, అక్కను తీసుకుని వెళ్ళిపోయాడు. పెట్టెను బండిలో పెట్టింది నేనే. అక్క నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను, అంత సంతోషం ఆ ఇంట్లో నేను మళ్ళీ చూడలేదు. నా నోటుపుస్తకం ఏమైందని ఆ హడావుడిలో అడగబుద్ధి కాలేదు. తరువాత ఒకసారి అడిగితే, అచ్చులో ఉంది మ్మా, వస్తాది అన్నాడు పెదనాయన. ఆ మాటలో అబద్ధం లేదు, అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ ఏడు ఆడికృత్తికకు పదిరోజుల ముందు భజనకూటంలో పెద్ద సభ పెట్టారు. చెన్నపట్నం నుంచి ఒక పండితులవారు వచ్చారు. కూటానికి బావను పెద్దగా నిలబెట్టాలని కొందరు, ‘ఎను’గారు మనకు పెద్దా అని కొందరు అనుకుంటున్న రోజులు. ఆడవాళ్ళం తెరకు ఇవతల కూర్చున్నాం. అక్క నా పక్కనే కూర్చుని, కొత్తగా అచ్చయిన సన్నటి పుస్తకాలు ఒడిలో పెట్టుకుని వచ్చినవాళ్ళకు పంచుతోంది. నాకు ఒకటి ఇవ్వబోయే లోపలే బావ శ్రుతి అందుకుని పాట ఎత్తాడు. అడుగు అడుగున తిరుత్తణి కొండ.

నిజం చెబుతున్నాను, నాకు మొదట కలిగింది గర్వం. పెదనాయన నాకు తెలియకుండా ఇంత ఏర్పాటు చేశాడా, నా పాటను బావ గొంతులో నలుగురికీ వినిపించి, చివర నా పేరు చెప్పబోతున్నాడా అనుకుని తల వంచుకున్నాను. కొండ దగ్గర, అండ దగ్గర ముసలివాళ్ళు ఆహా అంటున్నారు. పాలు, చాలు వచ్చినప్పుడు మగవాళ్ళ వైపు ఎవరో ఆ పాదాన్ని మళ్ళీ పాడించుకున్నారు. పదకొండు చరణాలు నా చరణాలే, ఒక్క అక్షరం పోలేదు. పన్నెండోది వచ్చింది. అందులో మొదటి మాట బావ పేరు. ఆ పేరు తీసేసి చెబుతాను.

దాసుడు ఈ పాట పాడెను
దయగల స్వామిని కొలిచెను

చుట్టూ చప్పట్లు. అక్క కళ్ళనిండా నీళ్ళతో నా చెయ్యి పట్టుకుని, “చూసినావా, మీ బావ ఎట్ల కట్టినాడో. నాయన నోరు మూయించాలని ఏడాదిగా రాస్తా ఉన్నాడంట” అంది. ఆమె మొహంలో దాపరికం లేదు. ఆమెకు తెలియదు. నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది, తీసుకోలేకపోయాను.

దొంగతనం అనే అనుకున్నాను. పుస్తకం ఎలాగో బావ చేతిలో పడింది, ఆయన పేరు పెట్టుకున్నాడు, ఇక్కడ పెదనాయన ఉన్నాడు, ఇప్పుడు నోరు విప్పుతాడు అని తెరసందులోంచి ఆయన వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయనకన్నా ముందు పండితులు నోరు విప్పారు.

“ఇరవైరెండు పాదాలలో ఒక్కచోట కూడా ప్రాసను క్రియ తోక మీద ఆనించలేదు. పేరును పేరుతో, పేరును క్రియతో ఎంతో ఓపికగా కలిపారు. ఇంత జాగ్రత్త ఈ కాలంలో అరుదు. కానీ కడపటి రెండు పాదాలలో పాడెను, కొలిచెను అని అమాంతం జారిపోయారు. ఇది వేరే చేతిదా అని సందేహం కలుగుతోంది. అల్లుడిగారి పాట కదా, తమకు తెలిసి ఉంటుంది” అని మర్యాదగానే పెదనాయనను అడిగారు.

బావ మొహం చూశాను, రామనవమినాటి మొహమే. ఆయనకు ఆ తేడా నిజంగా తెలియలేదని నాకు అప్పుడే అర్థమైంది. ఇరవైరెండు పాదాలు తన నోటితో పాడి కూడా, వాటి చివర ఏం జరుగుతోందో ఆయన చెవికి ఎక్కలేదు. తెలిసినవాళ్ళం ఆ ఇంట్లో ఇద్దరమే, ఒకరు తెరకు ఇవతల, ఒకరు అవతల.

పెదనాయన లేచి నిలబడి, కండువా సర్దుకుని అన్నాడు. “కవి తన పేరు చెప్పుకునే చోట సిగ్గుపడి తొందరపడతాడు. అది లోకంలో ఉండేదే. చెయ్యి ఒకటే. పాటంతా మా అల్లుడిదే, నా ఎదురుగానే కట్టినాడు.”

పండితులు సంతోషించి బావకు శాలువా కప్పారు. తరువాత ఏం జరిగిందో, ఎవరెవరు మాట్లాడారో నాకు గుర్తు లేదు. అక్క పంచగా మిగిలిన పుస్తకం ఒకటి నా ఒడిలో ఉంది, దాని అట్ట మీద బావ పేరు ఉంది.

మర్నాడు పొద్దున పెదనాయన అరుగు మీద కూర్చుని ఉంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆయనను అలా నిలదీయడం నా జన్మలో అదొక్కసారే.

“నా నోటుపుస్తకం బావకు ఎట్ల పోయింది పెదనాయనా?”

“నేనే ఇచ్చినాను” అన్నాడు, దాచకుండా. “నా నోటితో ఆ బిడ్డ కాపురం చెడగొట్టినాను. పోయి క్షమించమని అడిగితే, నా పరువు తెచ్చిస్తావా అన్నాడు మీ బావ. నా దగ్గర ఇయ్యడానికి ఇంకేముంది? నేను కడితే నాదని ఊరంతా పట్టేస్తారు. నీది ఎవరికీ తెలీదు.”

“నీకు తెలుసు కదా.”

“అక్క బతుకు ముందా, నీ పాట ముందా చెప్పు” అన్నాడు.

“అక్కే ముందు. నన్ను అడిగుంటే నేనే ఇచ్చేదాన్ని. నన్ను యాల అడగలేదు?”

నేను అడిగినది అప్పుడూ ఇప్పుడూ అదే. నా పాట ఇవ్వడమే కాదు, దాన్ని నేను ఇచ్చేదాన్నే అన్న సంగతి కూడా ఆయన నా దగ్గర నుంచి తీసేసుకున్నాడు. పైగా అన్నిటిలోకీ ఆయన ఎంచుకున్న మాట ‘నా ఎదురుగానే కట్టినాడు’. పలక మీద ఆయన బొటనవేలు, దాని కింద నా మాటలు, ఆ తొమ్మిది నెలలు, అవన్నీ ఎత్తుకుపోయి బావకు ఇచ్చినట్టు అయింది.

ఆ వారంలోనే నాయనకు కబురు పంపించి అత్తిమంజేరిపేట వెళ్ళిపోయాను. మరుసటి సంవత్సరం గుమ్మిడిపూండి దగ్గర పల్లెలో నన్ను ఇచ్చారు. మా ఆయన మంచివాడు, ఆయనకు పాటలతో పని లేదు, నాకూ లేకుండా పోయింది. రాయకూడదని ఒట్టు ఏమీ పెట్టుకోలేదు. రెండు పాదాలు మనసులోకి వస్తే చివరిమాట మీద వేలు పెట్టి చూసే అలవాటు ఉంది కదా, ఆ వేలు నాది కాకుండా ఆయనదై కనిపించేది, అంతటితో ఆ పాదాలు పోయేవి. అక్క మాత్రం వచ్చినప్పుడల్లా తన పిల్లలను ఆ పాటతోనే జోకొట్టేది. వాళ్ళ నాయన కట్టినాడు అని చెప్పేది. ఆమె సుఖంగా ఉంది. నేను కాదని ఒక్కమాట అంటే ఆ సుఖంలో ఏం మిగిలేదో నాకు తెలుసు, కనక ఊఁ కొట్టేదాన్ని. పెదనాయన చేసిన పనిని ప్రతిసారీ కొంచెం కొంచెంగా నాచేత కూడా చేయిస్తున్నట్టుండేది.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడు పెదనాయనకు జబ్బుగా ఉందని, నన్ను చూడాలంటున్నాడని ఉత్తరం వచ్చింది. పోకూడదనుకున్నాను, పోయాను. మధ్యాహ్నంపూట మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. కుశలాలు అయ్యాక పెద్దమ్మను లోపలికి పంపించి, పలకా బలపం తెచ్చుకోమన్నాడు. చూపు ఆనడం లేదు, ఒక చరణం వచ్చింది, రాసిపెట్టు మ్మా అన్నాడు. చెబితే రాశాను.

ఒకరి గడప నిలిపినాను
ఒకరి నోరు మూసినాను

“ఎట్లుంది?” అన్నాడు.

“బాగుంది పెదనాయనా.”

“వేలు పెట్టి చూసినావా?”

“చూసినాను.”

“ఏం మిగిలింది?”

మనసులోనే చదువుకున్నాను. నిలిప్, మూస్. వాటికి పొత్తు లేదు. ఎవరికి ఏం చేశాడో చెప్పుకోవాలంటే మనిషికి క్రియలు లేకుండా కుదరదు, ‘నాను’ అనకుండా అసలు కుదరదు, ఆ సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. తెలిసే అలా చెప్పాడో, జబ్బులో చెయ్యి జారిందో నేను తేల్చుకోలేకపోయాను. తెలిసే చెప్పాడనుకున్నా, నాకు కావలసిన మాట అది కాదు. నాకు చెప్పడం తేలిక, నాకు తెలిసిందే కదా. తెర అవతల కూర్చున్నవాళ్ళలో ఏ ఒక్కరికైనా ఆయన చెప్పి ఉంటే బాగుండేది. చెప్పకుండానే ఆ నెల వెళ్ళిపోయాడు. ఆ చరణాన్ని ఏం చేయాలో తెలియక నేనే తుడిచేశాను.

తరువాత బావ పోయాడు, అక్కా పోయింది, తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి అరవదేశానికి పోయింది. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవమంటే తడుముకుంటారు. మనవరాలు బడిలో పాటలు కడుతుంది, అరవంలో, బాగానే కడుతుందట. ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని ప్రాసను కోసి చూడటం చెబుదామనుకున్నాను. మొదటి మాట దగ్గరే, “యాలవ్వా ఇంత కష్టం, చివర ఒకే మాదిరి వినిపిస్తే చాలదా” అంది. చాలదని ఆమెకు చెప్పడానికి నాకు ఏదీ తోచలేదు.

తిరువళ్ళూరులో ఒకప్పుడు పాదం చివరిమాట విని ఇది ఫలానా పిల్ల చెయ్యి అని గుర్తుపట్టే మనిషి ఒకడు ఉండేవాడు. గుర్తుపట్టే, నలుగురిలో లేచి నిలబడి కాదన్నాడు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు, పోవాలని నేను కోరుకోవడమూ లేదు. కానీ ఈమధ్య ఒక్కో మధ్యాహ్నం పనేమీ లేక కూర్చున్నప్పుడు తోస్తుంది, అప్పుడు నన్ను ఎరిగి కాదన్నవాడైనా ఒకడున్నాడు, ఇప్పుడు కాదనడానికైనా ఎరిగినవాళ్ళు లేరు.